ఏడాది రీఛార్జా, నెల రీఛార్జా? రూపాయిన్నర వడ్డీ దగ్గర తేలే లెక్క

ఈసారి టమోటా గురించి కాదు, బోరు గురించీ కాదు. మన జేబులో ఉండే ఫోను గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుంటే ఇంకా మంచిది.

పెద్దతిప్పసముద్రంలో గానీ, బి.కొత్తకోటలో గానీ, ములకలచెరువులో గానీ రీఛార్జి అంగడికి పోతే ఒక మాట వినపడుతుంది. "నెలనెలా ఎందుకన్నా, ఏడాదికి ఒక్కసారి వేసేయ్, కలిసొస్తుంది" అని. ఫోన్లోని యాప్ కూడా అదే చెప్తుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అందరికీ నిజం కాదు. ఎవరికి నిజం, ఎవరికి కాదు అనేది ఫోను కంపెనీ చేతిలో లేదు. మీరు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారు అనే దాంట్లో ఉంది. నేను చెప్పదల్చుకున్న సంగతి ఇదే.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. మనం "నెల రీఛార్జి" అంటున్నది నెల కాదు, 28 రోజులు. అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను కనీసం ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్లాను కనీసం ఒకటైనా పెట్టాలని. పెట్టారు కూడా. కానీ అంగట్లో ఎక్కువగా నడిచేది ఇప్పటికీ 28 రోజులదే. అందుకని ఏడాది ప్లానుతో పోల్చేటప్పుడు నెల ధరను 12తో గుణిస్తే లెక్క తప్పుతుంది. 13తో గుణించాలి.

ఇప్పుడు లెక్కలోకి పోదాం. జియో 2024 జూలై 3న పెట్టిన ధరలు తీసుకుంటాను, ఎందుకంటే మన పక్క చాలామందికి అవి నోటికి వచ్చు. మీరు చదివే రోజుకు ధర మారి ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను 299 రూపాయలు. 13 సార్లు వేస్తే 3887 రూపాయలు. ఏడాది ప్లాను 3599 రూపాయలు. తేడా 288 రూపాయలు. నూటికి ఏడు రూపాయల పైచిలుకు రాయితీ అన్నమాట. అంగడాయన చెప్పే "కలిసొచ్చేది" ఈ 288 రూపాయలే.

అయితే ఈ 288 ఊరికే రాలేదు. దాని కోసం మీరు మొదటి రోజే 3599 పెట్టారు. నెల రీఛార్జి వేసుకునే మనిషి అదే రోజు 299 మాత్రమే పెట్టాడు. అంటే మీ చేతిలో ఉండాల్సిన 3300 రూపాయలు ముందే బయటికి పోయాయి. 28 రోజుల తర్వాత ఆయన ఇంకో 299 పెడతాడు, తేడా 3001కి తగ్గుతుంది. ఇంకో 28 రోజులకు 2702. ఇట్లే తగ్గుతూ తగ్గుతూ పన్నెండో రీఛార్జి వేసే నాటికి తేడా 11 రూపాయలకు వస్తుంది. పదమూడోది వేసినప్పుడు ఆయన మీ కంటే 288 ఎక్కువ పెట్టినవాడవుతాడు.

3300తో మొదలై 11 దగ్గర ముగిసింది కాబట్టి, సగటున 1655 రూపాయలు మీ చేతిలో నుంచి ముందే పోయి ఉన్నాయి. ఎన్నాళ్ళు? పన్నెండు 28లు, 336 రోజులు. అంటే 11 నెలల పైచిలుకు. ఇంకోలా చెప్పాలంటే మీరు ఫోను కంపెనీకి 1655 రూపాయలు 11 నెలలకు అప్పు ఇచ్చారు, దానికి కంపెనీ 288 రూపాయలు వడ్డీ ఇచ్చింది. ఏడాది ప్లాను రాయితీ అంటే అసలు సంగతి ఇంతే.

ఇట్ల చూస్తే ప్రశ్న సులువైపోతుంది. ఆ 1655 రూపాయలు మీకు ఎంత వడ్డీకి దొరుకుతాయి?

ఆ డబ్బు బ్యాంకు పొదుపు ఖాతాలో ఊరికే పడి ఉందనుకోండి. ఏడాదికి సుమారు 3 శాతం వేసుకుందాం. 11 నెలలకు మీరు పోగొట్టుకునే వడ్డీ 46 రూపాయలు. వచ్చే రాయితీ 288. నికరంగా 242 రూపాయలు మిగిలాయి. ఏడాది ప్లాను మంచిదే.

7 శాతం పంట రుణంలో నుంచి తీసి వేశారనుకోండి. వడ్డీ 107 రూపాయలు. అప్పటికీ 181 మిగులు. ఇక్కడా ఏడాది ప్లాను గెలిచింది. కాకపోతే పంట రుణం ఉన్నది మందులకు, ఎరువులకు. దాన్ని ఫోనుకు వాడి, మళ్ళీ మందుల అంగట్లో అప్పు పెడితే అప్పుడు మీ అసలు వడ్డీ 7 శాతం కాదు, మందుల అంగడి వడ్డీ. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మన పల్లెల్లో మామూలుగా నడిచే నూటికి రెండు రూపాయల వడ్డీ. 1655 రూపాయలకు నెలకు 33 రూపాయలు. 11 నెలల పైచిలుకుకు 371 రూపాయలు. రాయితీ 288. ఏడాది ప్లాను వేసుకున్నందుకు 83 రూపాయలు నష్టం. మూడు రూపాయల వడ్డీ అయితే 556 పోయి, 268 రూపాయలు చేతి నుంచి పడుతుంది.

రూపాయిన్నర వడ్డీకి వేసి చూడండి. 278 రూపాయలు వస్తుంది. రాయితీ 288. దాదాపు సరికి సరి. అంటే ఈ ప్లానుకు గీత రూపాయిన్నర దగ్గర ఉంది. మీ చేతిలోకి వచ్చే డబ్బు రూపాయిన్నర కంటే తక్కువ వడ్డీకి వస్తుంటే ఏడాదికి వేసుకోండి. అంతకు మించి కడుతుంటే నెలకే వేసుకోండి. "నాకు అప్పు లేదు, నా సొంత డబ్బే" అనే వాళ్ళు కూడా ఒకసారి ఆలోచించండి. ఇంకో పక్క రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పాత అప్పు ఉంటే, ఈ 3300 దానికి జమ చేసినా వడ్డీ తగ్గేది కదా. అప్పు ఉన్న ఇంట్లో సొంత డబ్బుకు కూడా అదే వడ్డీ.

ప్రతిసారీ ఇంత లెక్క వేయలేం కాబట్టి ఒక దగ్గరి దారి చెప్తాను. మీరు కట్టే వడ్డీ నూటికి నెలకు ఎన్ని రూపాయలో, దాన్ని అయిదుతో గుణించండి. వచ్చిన అంకె కంటే ఏడాది ప్లాను రాయితీ శాతం ఎక్కువ ఉంటేనే అది మీకు లాభం. రెండు రూపాయల వడ్డీ అయితే పది శాతమైనా రాయితీ ఉండాలి. మూడు రూపాయలైతే పదిహేను. కచ్చితంగా పైసల దాకా రాదు గానీ, నిర్ణయానికి సరిపోతుంది. ఇది నెల ప్లానును ఏడాది ప్లానుతో పోల్చేటప్పుడు మాత్రమే. మూడు నెలల ప్లాన్లకు వేరేగా చూడాలి. దాని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

అంగట్లో మనల్ని అడిగేది రెండే. నెలకా, ఏడాదికా అని. మధ్యలో ఒకటుంది, 84 రోజులది. నా మటుకు నాకు, సేద్యం చేసే వాళ్ళలో ఎక్కువమందికి సరిపోయేది అదే.

అదే జూలై ధరల్లో, అదే రోజుకు 1.5 జీబీ, 84 రోజులకు 799 రూపాయలు. మూడు సార్లు 299 వేస్తే 897. అంటే 84 రోజులకే 98 రూపాయలు మిగులు, దాదాపు 11 శాతం. ఏడాది ప్లాను ఇచ్చిన ఏడు శాతం కంటే ఎక్కువ. నాలుగు సార్లు 799 వేసి, చివర ఒక 299 వేస్తే 364 రోజులకు 3495 రూపాయలు. ఏడాది ప్లాను 3599. వడ్డీ సంగతి పక్కన పెట్టినా 104 రూపాయలు తక్కువకే ఏడాది గడిచిపోయింది.

వడ్డీ వేసుకున్నా 84 రోజుల దానికి భయం లేదు. మొదటి రోజు నెల ప్లాను మనిషి కంటే మీరు ఎక్కువ పెట్టింది 500 రూపాయలే. 28 రోజులకు అది 201కి తగ్గుతుంది, ఇంకో 28 రోజులకు ఆయనే మీ కంటే ఎక్కువ పెట్టి ఉంటాడు. రెండు రూపాయల వడ్డీకి వేసినా మీకు పోయేది 13 రూపాయలు. మిగిలేది 98. నికరంగా 85 రూపాయలు, ప్రతి 84 రోజులకూ. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయినా ఇది నిలబడుతుంది.

మరి ఏడాది ప్లాను అంత ఎక్కువ ధర ఎందుకుంది? దాంట్లో రోజుకు 2.5 జీబీ ఇస్తారు, 1.5 కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. రోజుకు 2.5 జీబీ 28 రోజులకు విడిగా కొంటే 399 రూపాయలు, 13 సార్లకు 5187. దాంతో పోలిస్తే 3599 అంటే నూటికి 30 రూపాయలు రాయితీ. ఆ లెక్కన చూస్తే రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వేసినా లాభమే. కాలేజీ చదివే పిల్లోడు పాఠాలన్నీ ఫోన్లోనే చూస్తుంటే, ఇంట్లో టీవీ కూడా ఆ ఫోను డేటాతోనే నడుస్తుంటే, ఏడాది ప్లాను ఆ ఇంటికి సరైనదే.

కానీ పొద్దునంతా మడిలో ఉండి, రాత్రి అరగంట వీడియోలు, మదనపల్లె మార్కెట్ ధర, నాలుగు వాట్సాప్ మెసేజీలు చూసుకునే మనిషికి రోజుకు 2.5 జీబీ ఎందుకు? వాడని డేటా రాత్రి పన్నెండుకు పోతుంది, మరుసటి రోజుకు రాదు. వాడని దాని మీద వచ్చిన రాయితీ రాయితీ కాదు. పది మూటల ఎరువు కావాల్సిన చోట పదిహేను మూటలు తక్కువ ధరకు కొన్నట్టు. అందుకని ఏడాది ప్లానును ఎప్పుడూ అదే కంపెనీ వాళ్ళు దాని పక్కన చూపించే ధరతో పోల్చొద్దు. మీ అవసరానికి సరిపోయే అన్నిటికంటే చవక ప్లానుతో పోల్చండి. మీ ఫోను సెట్టింగుల్లో నెలకు ఎంత డేటా వాడారో కనిపిస్తుంది. దాన్ని 30తో భాగిస్తే రోజుకు ఎంతో తెలిసిపోతుంది. ముందు అది చూడండి, తర్వాత అంగడికి పోండి.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ కీప్యాడ్ ఫోన్ల సంగతి. వాళ్ళకు డేటా అవసరం లేదు, మాట్లాడుకుంటే చాలు. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చి, డేటా లేకుండా మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్లాన్లు పెట్టాలని చెప్పింది. ఇట్లాంటి ప్రత్యేక ప్లాన్ల గడువు అంతకు ముందు 90 రోజులు దాటకూడదు, దాన్ని 365 రోజుల దాకా పెంచింది. దాని ప్రకారం 2025 జనవరిలో కొత్త ప్లాన్లు వచ్చాయి. జియోలో 84 రోజులకు 448 రూపాయలు, పెద్ద ప్లాను 1748 రూపాయలు.

ఆ 1748 ప్లానును అందరూ "ఏడాది ప్లాను" అంటారు. దాని గడువు 336 రోజులు. ఏడాదికి 29 రోజులు తక్కువ. 336 అంటే సరిగ్గా నాలుగు 84లు. 448ని నాలుగుతో గుణిస్తే 1792. తేడా 44 రూపాయలు. ఈ 44 రూపాయల కోసం మొదటి రోజే 1300 ఎక్కువ పెట్టాలి. 84 రోజులకు ఆ తేడా 852 అవుతుంది, ఇంకో 84 రోజులకు 404. రెండు రూపాయల వడ్డీకి ఇదంతా 143 రూపాయలు. 44 రూపాయలు మిగుల్చుకోవడానికి 143 పోగొట్టుకుంటారా? బ్యాంకులో ఊరికే ఉన్న డబ్బయినా మిగిలేది 26 రూపాయలు. ఈ ప్లానుకు గీత ఏడాదికి ఏడున్నర శాతం దగ్గరే ఉంది, అంటే నూటికి నెలకు అర్ధరూపాయి, రవ్వంత పైన. ఇది ఎవరికీ గట్టిగా లాభం ఇవ్వదు. 84 రోజులదే వేయండి.

బోరు మోటారు స్టార్టర్లో పెట్టే సిమ్ముది ఇంకో కథ. ఇంట్లో నుంచి ఫోను చేసి మోటారు వేసుకునే పెట్టెలు ఇప్పుడు చాలా మడుల్లో ఉన్నాయి. పాత పెట్టెలు చాలావరకు 2జీ మీద నడిచేవే. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ పెట్టెల్లో ఎయిర్‌టెల్ లాంటివి పెట్టుకుంటారు. 2025 జనవరి ధరల్లో ఎయిర్‌టెల్ మాటల ప్లాను 84 రోజులకు 469, 365 రోజులకు 1849 రూపాయలు. ఏడాదంతా మోటారు నడిచే చోట రెండిటికీ పెద్ద తేడా లేదు. ఏడాదిది 189 రూపాయలు తక్కువ పడుతుంది, రెండు రూపాయల వడ్డీ తీసేస్తే మిగిలేది ముప్పై, నలభై రూపాయలే.

కానీ మన నేలలో ఏడాదంతా మోటారు నడిచే బోర్లు ఎన్ని? ఎండాకాలం నీళ్ళు దిగిపోతాయి. వానలు బాగా పడితే కొన్నాళ్ళు మోటారు వేసే పనే ఉండదు. ఏడాదిలో ఎనిమిది నెలలే మోటారు నడుస్తుందనుకోండి. 469 మూడు సార్లు వేస్తే 252 రోజులు, 1407 రూపాయలు. ఏడాది ప్లాను మీద 442 రూపాయలు మిగులు, వడ్డీ లెక్క లేకుండానే. ఏడాది ప్లాను వేసుకుంటే ఆ సిమ్ము మోటారు ఆగిపోయిన నెలల్లో కూడా మీ డబ్బు తింటూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. వాడకం లేకుండా 90 రోజులు దాటితే నంబరు తీసేసే వీలు కంపెనీకి ఉంటుంది. అందుకని ఖాళీని మూడు నెలల దాకా సాగనీయొద్దు. రెండు నెలలకే ఏదో ఒక చిన్న రీఛార్జి వేసి, ఒక కాల్ చేసి పెట్టండి.

ఇంతవరకు చెప్పింది వింటే ఏడాది ప్లాను మీద నాకు కోపం ఉన్నట్టు అనిపించొచ్చు. అట్లా కాదు. రెండు సందర్భాల్లో నేనే వేసుకోమంటాను.

మొదటిది, ధరలు పెరగబోతున్నాయని కంపెనీ ప్రకటించినప్పుడు. 2024లో జియో జూన్ 27న ప్రకటించింది, జూలై 3 నుంచి పెంచింది. ఎయిర్‌టెల్ కూడా అదే రోజు నుంచి పెంచింది. మధ్యలో అయిదారు రోజులు టైము ఉంది. పెరగక ముందు ఆ 1.5 జీబీ నెల ప్లాను 239 రూపాయలు, ఏడాది ప్లాను 2999. అప్పటి ధరలతో చూస్తే 13 సార్లు 239 అంటే 3107, ఏడాది ప్లానుతో మిగిలేది 108 రూపాయలే. కానీ జూలై 2న 2999 వేసుకున్న మనిషికి ఏడాదంతా పాత ధరే. నెలకు వేసుకునే ఆయనకు జూలై 3 నుంచి 299 అయిపోయింది, ఏడాదికి 3887. తేడా 888 రూపాయలు. రెండు రూపాయల వడ్డీ కింద 250 పోయిందనుకున్నా ఆరొందలకు పైగా మిగిలింది. అదే ప్లాను, అదే మనిషి, 108 కాస్తా 888 అయింది. అంతకు ముందు 2019 డిసెంబరులో, మళ్ళీ 2021 నవంబరు, డిసెంబరుల్లో ఇట్లాగే పెరిగాయి. రెండు, రెండున్నరేళ్ళకు ఒకసారి పెంచుతున్నారు. పుకార్లు నమ్మి వేయమని చెప్పను. కంపెనీ తేదీతో సహా ప్రకటించాక మాత్రం ఆలోచించొద్దు. ఆ అయిదారు రోజులు ఏడాది ప్లాను నిజంగా కలిసొచ్చే రోజులు.

రెండోది, బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు లింకు అయిన నంబరు. ఆ నంబరు ఆగిపోతే ఓటీపీ రాదు. పీఎం కిసాన్ ఈకేవైసీ దగ్గర, బ్యాంకు పని దగ్గర ఓటీపీ రాకపోతే ఒక రోజు కూలి, ఒక బస్సు ఛార్జి పోయినట్టే. చేతిలో డబ్బు లేని నెలలో రీఛార్జి వాయిదా వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్లాను గడువు అయిపోతే ముందు మనం చేసే కాల్ ఆగుతుంది, కొన్నాళ్ళకు వచ్చేవి కూడా ఆగుతాయి. మీకు ఆ అలవాటు ఉంటే, టమోటా డబ్బులు వచ్చిన రోజే ఆ ఒక్క నంబరుకు ఏడాదికి వేసేయండి. 2023 జూలైలో కిలో వంద దాటినట్టు ఎప్పుడో గానీ రాదు, వచ్చినప్పుడు డబ్బు నాలుగు పక్కలకు పోతుంది. దాంట్లో నుంచి కొంత ఫోనుకు కట్టేస్తే మిగతా ఏడాది ఆ నంబరు గురించి ఆలోచించే పని లేదు. ఇక్కడ మీరు కొనేది రాయితీ కాదు, నంబరు ఆగిపోదనే భరోసా. 83 రూపాయలు ఎక్కువైనా అది ఇవ్వదగ్గ ధరే.

ఏడాదికి వేసే ముందు ఇంకొకటి చూసుకోవాలి, సిగ్నల్. కొత్త సిమ్ము తీసుకున్న రోజే ఏడాది ప్లాను వేయడం మంచిది కాదు. రీఛార్జి అంగట్లో నాలుగు గీతలు చూపించిన సిమ్ము మీ మడిలో ఒక్క గీత కూడా చూపించకపోవచ్చు. ముందు ఒక 28 రోజులు వేసి, ఇంట్లో, మడిలో, బోరు దగ్గర మూడు చోట్లా మాట్లాడి చూడండి. ఎందుకంటే ఏడాదికి వేశాక వేరే కంపెనీకి మారితే మిగిలిన రోజులు మీతో రావు, డబ్బు వెనక్కి రాదు. ఆరు నెలలకే మారాల్సి వస్తే 3599లో సగం, దాదాపు 1800 పోతుంది. 288 రూపాయల రాయితీ దాని ముందు ఎంత? సిమ్ము పోతే మాత్రం భయం లేదు. ప్లాను నంబరు మీద ఉంటుంది, సిమ్ము ముక్క మీద కాదు. డూప్లికేట్ తీసుకుంటే మిగిలిన గడువు అట్లే ఉంటుంది.

నెల రీఛార్జి వైపు కూడా ఒక చిన్న ఖర్చు ఉంది, అది దాచకూడదు. కొన్ని చెల్లింపు యాప్‌లు ప్రతి రీఛార్జికీ ఒకటి, రెండు రూపాయలు అదనంగా తీసుకుంటాయి. 13 సార్లంటే పదమూడు నుంచి ఇరవై ఆరు రూపాయలు అవుతుంది. 84 రోజులదయితే నాలుగైదు సార్లే కాబట్టి అది పెద్దగా తగలదు. కంపెనీ సొంత యాప్‌లోనో, ఊర్లో అంగట్లోనో వేసుకుంటే ఆ కాస్త కూడా పోదు.

కాబట్టి అంగడికి పోయే ముందు ఈ వరసలో ఆలోచించండి. రోజుకు ఎంత డేటా వాడుతున్నానో చూసుకోవడం మొదటిది. దానికి సరిపోయే 28 రోజుల ప్లాను, 84 రోజుల ప్లాను, పెద్ద ప్లాను మూడిటికీ ఒక్క రోజుకు ఎంత పడుతుందో వేసుకోవడం రెండోది. ధరను రోజులతో భాగిస్తే చాలు, 336ను 365 అనుకోకుండా. నా డబ్బు ఎంత వడ్డీది అని అడుక్కోవడం మూడోది. ఈ సిమ్ము ఏడాదంతా పని చేయాల్సిందేనా, మధ్యలో ఆపొచ్చా అనేది నాలుగోది. ఈ నాలుగూ వేసుకుంటే మన ఇళ్ళల్లో చాలావరకు 84 రోజులదే తేలుతుంది. డేటా బాగా వాడే పిల్లోడి ఫోను, బ్యాంకు నంబరు ఈ రెండూ వేరే.

ఇంకో మాట. ఒక ఇంట్లో నాలుగు ఫోన్లు ఉంటే నాలుగిటికీ ఒకే రకం ప్లాను వేయాల్సిన పని లేదు. పిల్లోడి ఫోనుకు ఏడాది, మీ ఫోనుకు 84 రోజులు, మోటారు సిమ్ముకు నడిచినన్నాళ్ళు, ఇంట్లో పెద్దాయన కీప్యాడ్‌కు 84 రోజుల మాటల ప్లాను. అంగడాయన "నాలుగిటికీ ఏడాది వేసేస్తా అన్నా" అంటే, ముందు రూపాయిన్నర గీత గుర్తు చేసుకోండి. తర్వాత చెప్పండి, వేయాలో వద్దో.